మీకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాళ్ళ స్టడీ గ్రూపులో చేర్చుకోమని ఉత్తరం ఎలా రాయాలి

ఆంధ్రా బోర్డర్ పక్కన ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో నేను మళ్ళీ కాలేజీలో చేరాక ఈ రెండేళ్ళలో కనీసం ఆరేడుగురు ఆడవాళ్ళు నన్ను ఇదే అడిగారు. గుణుపురం నుంచి ఒకావిడ, బరంపురం నుంచి ఇద్దరు, మిగతావాళ్ళు మా ఊరివాళ్ళే. "ఫీజు కట్టేశాం, క్లాసులకి వెళ్తున్నాం, కానీ ఆ గుంటలు గ్రూపుగా కూర్చుని చదువుకుంటుంటే మనం ఒక్కళ్ళమే ఓ పక్కన కూర్చోవాలి, ఎలా అడగాలి వాళ్ళని?" అని. నోటితో అడిగితే వాళ్ళు మొహమాటానికి సరే అంటారు, తర్వాత గ్రూపు ఇంకో చోటికి మారిపోతుంది, మనకి చెప్పరు. అందుకే ఉత్తరం రాయమంటాను. చదువుకుని, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, మనం ఎదురుగా లేనప్పుడు నిర్ణయం తీసుకునే వీలు వాళ్ళకి ఉత్తరంతోనే దొరుకుతుంది.

నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిది పాడైపోయింది, రెండోది పనిచేసింది. రెండూ చెప్తాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

లాంగ్ నోట్‌బుక్ కాగితాలు రెండు, ఒకటి ఉత్తరానికి, ఒకటి దాంతోపాటు జతచేసే లెక్కకి. మీ వారం టైంటేబుల్, అంటే కాలేజీది కాదు ఇంటిది, పిల్లల స్కూలు ఎన్నింటికి వదులుతారు, నీళ్ళు ఎప్పుడొస్తాయి, మీ ఆయన షాపు నుంచి భోజనానికి ఎప్పుడొస్తాడు అన్నీ. గ్రూపులో ఎంతమంది, ఏ రోజు ఎక్కడ కూర్చుంటారు, ఏ సబ్జెక్ట్ చేస్తారు అన్నది. ఇది తెలీకుండా రాయకండి, ఓ రెండు వారాలు గమనించండి చాలు.

1. వాళ్ళు ఎందుకు వద్దంటారో ముందు తెలుసుకోండి

మనం అనుకునేది వయసు అడ్డం అని. కాదు. మా గ్రూపులో ఒకమ్మాయి తర్వాత నవ్వుతూ చెప్పింది నాకు, వాళ్ళకి భయం మూడు విషయాలకంట. ఒకటి, ఈవిడ మా అమ్మకి తెలుసు, ఇక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఇంటికి మోసేస్తుంది. రెండు, ఈవిడకి మొదట్నుంచీ అన్నీ చెప్పాలి, మా టైం పోతుంది. మూడు, ఈవిడ ఎదురుగా మేం నోరు పారేసుకుని నవ్వుకోలేం.

మొదటిదే పెద్దది. పర్లాకిమిడి లాంటి ఊళ్ళో ఎవరి అమ్మ ఎవరికి తెలీదు చెప్పండి, పెళ్ళిళ్ళలో కలుస్తాం, రథయాత్రకి కలుస్తాం, కూరల దగ్గర కలుస్తాం. పందొమ్మిదేళ్ళ పిల్లకి మీరు క్లాస్‌మేట్ కాదు, అమ్మ ఫ్రెండు. మీ ఉత్తరం ఈ భయానికి జవాబు చెప్పకపోతే మిగతా ఎంత బాగా రాసినా లాభం లేదు.

2. ఏ భాషలో, ఏ అక్షరాల్లో రాయాలో తేల్చుకోండి

ఇది మన బోర్డర్ వాళ్ళకే ఉన్న తలనొప్పి. మా గ్రూపులో ఐదుగురు. ముగ్గురిది తెలుగిల్లు, ఇద్దరిది ఒడియా ఇల్లు, కానీ ఐదుగురూ తెలుగు గడగడా మాట్లాడతారు. తెలుగు అక్షరాలు చదవగలిగింది మాత్రం ఒక్కత్తే, తను పాతపట్నంలో చదువుకుని వచ్చింది. మిగతా వాళ్ళంతా ఒడియా మీడియం. నా మొదటి ఉత్తరం నేను తెలుగు లిపిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను, ఆ ఒక్క పిల్ల మిగతా నలుగురికీ పైకి చదివి వినిపించాల్సొచ్చింది, అది కూడా లైబ్రరీ మెట్ల మీద. ఎంత సిగ్గుపడ్డానో.

కాబట్టి మూడు దార్లున్నాయి. తెలుగు మాటని ఒడియా అక్షరాల్లో రాయడం ఒకటి, నేను రెండోసారి అదే చేశాను. వాట్సాప్‌లో పిల్లలు రాసుకున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం ఇంకోటి, దీర్ఘాలు గందరగోళమైనా వాళ్ళకి అలవాటే. గ్రూపులో ఒక్కళ్ళకైనా తెలుగు సరిగా రాకపోతే మాత్రం నేరుగా ఒడియాలోనే రాసి, ఒడియా బాగా వచ్చినవాళ్ళ చేత ఒకసారి దిద్దించుకోండి.

ఒడియా అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు ఒక తప్పు అందరం చేస్తాం. ఒడియాలో మాత్ర లేని అక్షరాన్ని 'ఒ' ధ్వనితో చదువుతారు. మీరు 'మన' అని రాస్తే వాళ్ళు 'మొనొ' అని చదువుతారు. అందుకని తెలుగులో పొట్టి 'అ' ఉన్నచోట ఒడియాలో దీర్ఘం పెట్టేయండి, 'మానా' అని రాస్తే వాళ్ళే సరిగా పలుక్కుంటారు. ఇంకోటి, ఒడియాలో ఎ, ఏ లకి ఒకటే అక్షరం, ఒ, ఓ లకి కూడా అంతే, కాబట్టి 'కొడుకు', 'కోడుకు' రెండూ ఒకలాగే కనిపిస్తాయి. దీనికి కంగారు పడక్కర్లేదు, వాక్యంలో అర్థమైపోతుంది. చెక్ చేసుకోడం తేలిక, ఇంట్లో ఒడియా మీడియం చదివే పిల్లాడి చేత పైకి చదివించండి, వాడు ఆగిన చోటల్లా మాత్ర తప్పు అన్నమాట.

3. పిలుపు తేల్చుకోండి

"ప్రియమైన పిల్లలారా" అని మొదలెట్టకండి. నేను మొదటి ఉత్తరంలో అదే రాశాను, మా పెద్దది చదివి "అమ్మా, ఇది హెడ్‌మాస్టర్ ప్రేయర్‌లో మాట్లాడినట్టుంది" అంది. అలాగని "గారు" కూడా పెట్టకండి, మన వయసువాళ్ళు పందొమ్మిదేళ్ళ పిల్లల్ని గారు అంటే వెటకారంలా ఉంటుంది. "మీ ఐదుగురికీ" చాలు. లోపల అందర్నీ కలిపి మీరు అనండి, తర్వాత విడిగా మాట్లాడినప్పుడు నువ్వు అనొచ్చు.

వాళ్ళు మిమ్మల్ని ఏమని పిలవాలో కూడా ఉత్తరంలోనే చెప్పేయండి, లేకపోతే ఆంటీ అనేది ఖాయం, ఆంటీ అన్నాక ఇక పక్కన కూర్చుని లెక్క తప్పయింది అని చెప్పలేరు పాపం. మనకి ఇక్కడ ఒక అదృష్టం ఉంది, మన వైపు అక్కని అప్ప అంటాం, ఒడియాలో అక్కని అపా అంటారు. అప్ప అంటే రెండిళ్ళ పిల్లలకీ సరిపోతుంది.

4. ఒక్క సబ్జెక్టు, ఒక్క చాప్టర్ అడగండి

"మీతోపాటు చదువుకుంటాను" అంటే వాళ్ళకి అంతా చెప్పాలేమో అనిపిస్తుంది. నాది ప్లస్ త్రీ కామర్స్, అంటే బీకాం డిగ్రీ. థియరీ నేను ఇంట్లో చదువుకోగలను, రాత్రి పది తర్వాత అదే పని. ఆగిపోయేది కాస్ట్ అకౌంటింగ్ దగ్గర, అందులోనూ ప్రాసెస్ కాస్టింగ్. రెండో ఉత్తరంలో అంతవరకే అడిగాను. తర్వాత మిగతా సబ్జెక్టులకి కూడా కూర్చోనిచ్చారు, అది వేరే సంగతి.

5. ఇవ్వగలిగేది మాటల్లో కాదు, కాగితం మీద పెట్టండి

"నాకు అనుభవం ఉంది, మీకు ఉపయోగపడతాను" అని రాస్తే ఎవరూ నమ్మరు, పైగా అది పెద్దరికంలా వినిపిస్తుంది. దానికి బదులు ఒక పేజీ జతచేయండి. వాళ్ళు మిస్సయిన క్లాసు నోట్స్ కావచ్చు, చేసిన లెక్క కావచ్చు.

నేను పెట్టింది ఏంటంటే, మాకు జీడిపిక్కల పని ఉండేది, పదకొండేళ్ళు బస్తాల లెక్క నేనే రాశాను. ప్రాసెస్ కాస్టింగ్‌లో నార్మల్ లాస్, అబ్‌నార్మల్ లాస్ అని వస్తుంది కదా, క్లాసులో సగం మంది అక్కడే తప్పుతారు. పిక్కలు కొడితే తొక్క పోతుంది, అది పోవాల్సిందే, నార్మల్ లాస్. ఆ తొక్క నూనె మిల్లుకి అమ్మితే వచ్చే డబ్బు స్క్రాప్ వాల్యూ. వాన తగిలి ఒక బస్తా బూజు పడితే అది అబ్‌నార్మల్ లాస్. ఇంతే. దాన్ని పరీక్షలో వచ్చే అంకెల్లో పెట్టి చేశాను.

ప్రాసెస్‌లోకి 1,000 యూనిట్లు వెళ్ళాయి, మొత్తం ఖర్చు 10,000 రూపాయలు. నార్మల్ లాస్ 10 శాతం, అంటే 100 యూనిట్లు, వాటిని ఒక్కోటి 1 రూపాయికి అమ్మితే 100 రూపాయలు. బయటికొచ్చిన మంచి సరుకు 880. ఎక్కువమంది చేసే తప్పు 10,000ని 1,000తో భాగించి యూనిట్ 10 రూపాయలు అనేయడం. ముందు 10,000 లోంచి తొక్క డబ్బు 100 తీసెయ్యాలి, 9,900 మిగిలింది, దాన్ని రావాల్సిన 900 యూనిట్లతో భాగించాలి, అప్పుడు యూనిట్ 11 రూపాయలు. రావాల్సింది 900, వచ్చింది 880, కాబట్టి అబ్‌నార్మల్ లాస్ 20 యూనిట్లు, 220 రూపాయలు. మంచి సరుకు 880 కి 9,680. ఇప్పుడు 9,680, 220, 100 కలిపితే 10,000 వచ్చింది, అకౌంట్ రెండు వైపులా కలిసింది. కలవకపోతే ఎక్కడో తొక్క డబ్బు మర్చిపోయారని అర్థం.

ఈ పేజీ చూసే ఒక అబ్బాయి మొదటిసారి నాతో మాట్లాడాడు, "బూజు బస్తాకి కూడా ఏదో రేటు వస్తుంది కదా అప్పా, అప్పుడేటి చేస్తాం?" అని. అబ్‌నార్మల్ లాస్ సరుకు అమ్మితే వచ్చిన డబ్బు ప్రాసెస్ అకౌంట్‌లో కాదు, అబ్‌నార్మల్ లాస్ అకౌంట్‌లో చూపించాలి. ఆ సంగతి నేను పేజీలో రాయలేదు. వాడు అడగబట్టి ఇద్దరం పుస్తకం తీశాం. పేజీలో అన్నీ చెప్పేయకుండా ఉండటం మంచిదే అని అప్పుడు తెలిసింది.

కామర్స్ కాకపోతే మీ సబ్జెక్టులో మీకు చేతి కింద తెలిసినదేదో చూసుకోండి. ఏమీ తోచకపోతే శుభ్రంగా రాసిన ఒక వారం క్లాసు నోట్స్ చాలు, పిల్లలకి అంతకన్నా విలువైంది లేదు.

6. ఉత్తరం రాయండి, పది పన్నెండు వాక్యాలు దాటకుండా

మొదటి ఉత్తరం మూడు పేజీలు. పందొమ్మిదికే పెళ్ళి, అత్తగారి ఆరోగ్యం, చదువు ఆగిన బాధ అన్నీ రాశాను, చివర్లో "మీ పెద్ద మనసుతో" అని కూడా. ఆరు రోజులు జవాబు లేదు. ఏడో రోజు ఒకళ్ళు ఫోన్‌లో "ఓకే ఆంటీ" అని పెట్టి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, అంతే, ఎక్కడ, ఎప్పుడు అన్నది లేదు. మన కష్టం చదివి వాళ్ళు జాలిపడతారు గానీ, జాలిపడ్డవాళ్ళతో కూర్చుని చదువుకోలేరు.

రెండోది ఇది. మీవాటికి తగ్గట్టు మార్చుకోండి, ఉన్నదున్నట్టు ఎత్తి రాయకండి, ఊరు చిన్నది.

"మీ ఐదుగురికీ,

నేను మీ క్లాసే, మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటాను. బుధవారం, శుక్రవారం రెండింటి నుంచి లైబ్రరీ వెనక మీరు కాస్ట్ అకౌంటింగ్ చేస్తారు కదా, ఆ రెండు రోజులూ నన్ను కూడా రానిస్తారా?

థియరీ ఇంట్లో చదువుకుంటాను. ప్రాసెస్ కాస్టింగ్ సమ్ములు మాత్రం క్లాసులో అర్థమైనట్టే ఉండి ఇంటికెళ్ళాక టోటల్ కలవడం లేదు. నేను మూడుంపావు దాకా ఉండగలను, మూడున్నరకి మా చిన్నాడి స్కూలు వదులుతారు. నా కోసం మీ టైం మార్చొద్దు, నేను లేచి వెళ్ళినా మీరు ఆపొద్దు.

వెనక పేజీలో ఒక సమ్ చేసి పెట్టాను, జీడిపిక్కల లెక్క రాసిన అలవాటుతో చేశాను, తప్పుంటే చెప్పండి.

మీలో ఇద్దరి అమ్మలు నాకు తెలుసు. అక్కడ విన్నది, చూసింది వాళ్ళ దగ్గర ఎత్తను. వాళ్ళే అడిగినా చదువుకుంటున్నారు అని చెప్తాను, అంతకుమించి చెప్పను.

రెండు సార్లు వస్తాను. కుదరదనిపిస్తే మూడోసారి వద్దని ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం అడగను, క్లాసులో మామూలుగానే ఉంటాను.

ఆంటీ వద్దు, అప్ప అనండి."

కింద పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు. రోల్ నంబరు వేయడం మర్చిపోకండి, చిన్న విషయమే గానీ మనం కూడా వాళ్ళలాగే స్టూడెంట్ అని చెప్పకుండా చెప్పేది అదే.

7. ఇచ్చేముందు చెక్ చేసుకోండి

ఎర్ర పెన్ను తీసుకుని "సారీ", "క్షమించండి", "ఇబ్బంది పెడుతున్నందుకు" అన్నవి ఎన్ని ఉన్నాయో సున్నా చుట్టండి. ఒక్కటి కూడా ఉండకూడదు. మన మొగుడు, అత్తగారు, పెళ్ళి గురించిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూడండి, పిల్లాడి స్కూలు టైం తప్ప ఏదీ అక్కర్లేదు. ఆ తర్వాత రోజు, టైం, చోటు, సబ్జెక్టు ఈ నాలుగూ ఉన్నాయా చూడండి. ఒకటి లేకపోయినా వాళ్ళు మిమ్మల్ని తిరిగి అడగాలి, అడగరు, వదిలేస్తారు. ఆఖర్న ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే చూపించి, "ఇది నీకొస్తే ఏం చేస్తావ్" అని అడగండి, "బాగుందా" అని మాత్రం అడగకండి, బాగుంది అనేస్తారు.

8. ఎవరికి, ఎలా ఇవ్వాలి

క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఎట్టి పరిస్థితుల్లోనూ. అందులో అరవై మంది ఉంటారు, సార్లు కూడా ఉంటారు, అక్కడ అడిగితే ఆ ఐదుగురికీ కాదనే దారి ఉండదు, మొహమాటపు ఒప్పుకోలు మనకొద్దు కదా. గ్రూపులో ఎవరు నలుగురినీ కూడగడతారో చూసి వాళ్ళ చేతికి, క్లాసు వదిలేటప్పుడు, మడిచి ఇచ్చి వెళ్ళిపోండి. నిలబడకండి.

వాళ్ళమ్మ ద్వారా మాత్రం అడగకండి. గుణుపురం ఆవిడ అదే చేసింది, ఆ పిల్ల అమ్మ తనకి వరసకి వదిన అవుతుంది, "మీ అమ్మాయికి చెప్పు వదినా" అంది. ఆ పిల్ల చేర్చుకుంది కూడా, కానీ వారానికే మిగతా ముగ్గురూ వేరే చోట కూర్చోడం మొదలెట్టారు. గ్రూపు ఎవరింట్లోనో కూర్చుంటే ముందు పిల్లలు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఆ ఇంటావిడకి మనం వస్తున్నామని చెప్పడం.

9. జవాబు చదవడం

"శుక్రవారం రండి", "కాల్క్యులేటర్ తెచ్చుకోండి", "ఏ పుస్తకం ఫాలో అవుతున్నారు" ఇలాంటిది వస్తే పనైనట్టే. "చూద్దాం", "పరీక్షలయ్యాక", చేతులు జోడించిన బొమ్మ వస్తే కాదనే. నాలుగు రోజులు ఏమీ రాకపోతే ఒక్క మెసేజ్ పెట్టొచ్చు, "ఈ శుక్రవారం రావచ్చా, వద్దంటే పర్లేదు" అని, రెండోది పెట్టకండి.

కాదంటే ఇంకో దారి, గ్రూపుని కాకుండా ఒక్కళ్ళని ఒక్క సమ్ అడగడం. లేదా బయటి ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళు బస్సు టైం దాకా ఖాళీగా కూర్చుంటారు, వాళ్ళకి ఏ గ్రూపూ ఉండదు, నిజానికి నేను మొదట వాళ్ళని అడిగుండాల్సింది.

10. మొదటి రెండు సార్లు

చెప్పిన టైంకి వెళ్ళండి, చెప్పిన టైంకి లేవండి, మధ్యలో బాగా నడుస్తున్నా సరే. తినేవి తీసుకెళ్ళకండి మొదటి రోజే, అమ్మ వచ్చిందనిపిస్తుంది, మూడో వారం నుంచి జీడిపప్పు పట్టుకెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. వాళ్ళు ఏదైనా మాటంటే విననట్టు పుస్తకంలోకి చూడండి. నా రెండో రోజున ఒకమ్మాయి ఫోన్లో ఎవరితోనో పోట్లాడి ఏడ్చింది. శనివారం కూరల దగ్గర వాళ్ళమ్మ కనిపించి "మా దానికేమైనా అయిందా, రెండ్రోజుల్నుంచి అన్నం తినట్లేదు" అంది. "లెక్కలు కష్టంగా ఉన్నాయి వదినా, పరీక్షలు దగ్గరకొచ్చాయి కదా" అన్నాను. అది ఆ అమ్మాయి చెవిన ఎలా పడిందో తెలీదు, బుధవారం నేను వెళ్ళేసరికి నాకు చోటు ఉంచి బ్యాగు పెట్టి ఉంది.

ఎండాకాలం మార్నింగ్ స్కూళ్ళు మొదలయ్యాక మీ టైం మారిపోతుంది, అప్పుడు ఉత్తరం అక్కర్లేదు, ముందు వారమే నోటితో చెప్పండి. నేను చెప్పడం మర్చిపోయి రెండు వారాలు వెళ్ళలేదు, వాళ్ళు నేను మానేశానేమో అనుకుని నా నోట్స్ కట్ట మా ఇంటికి తెచ్చి ఇచ్చేశారు.